రంగుల పెట్టె వెనుకవైపు

నీటిరంగుల పెట్టెల మీద, ఆటమట్టి డబ్బాల మీద, జిగురు సీసాల మీద ‘నాన్-టాక్సిక్’ అన్న మాట పెద్ద అక్షరాలతో ముద్రించి ఉండటం ఇప్పుడు సర్వసాధారణమైంది. ఆ మాట చూడగానే సరుకులో హానికరమైన పదార్థం ఏదీ లేదని తల్లిదండ్రులు భావించడం సహజమే. అయితే ఏ పరీక్ష జరిపి ఆ మాట వేశారో పక్కనే చెప్పనంతవరకు అది తయారీదారు తన సరుకుకు తానే ఇచ్చుకున్న కితాబు మాత్రమే. నాలుగేళ్ల పిల్లల విషయంలో ఈ తేడా మరింత ముఖ్యం. కుంచెను నోట్లో పెట్టి తడపడం, వేలికంటిన రంగును నాకడం, మట్టిముద్దను కొరికి చూడటం ఆ వయసులో ఇంకా పూర్తిగా మానని అలవాట్లు. పైగా కడుపులోకి చేరిన సీసంలో పిల్లల శరీరం ఇంకించుకునే భాగం పెద్దల కంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా ఉంటుంది.

ఈ మాటకు ఎంత విలువ ఇవ్వాలో తెలియాలంటే అమెరికాలో దానికి పట్టిన గతిని కొంత తెలుసుకోవాలి. అక్కడి పాత నిబంధనల ప్రకారం ఒక పదార్థాన్ని ఎలుకలకు ఒక్కసారి తినిపించినప్పుడు పద్నాలుగు రోజుల్లో వాటిలో సగం చనిపోయే మోతాదు శరీర బరువులో కిలోకు 5 గ్రాముల లోపు ఉంటేనే అది విషపూరితమైన సరుకు కింద లెక్కకు వచ్చేది. ఒక్క మోతాదుతో వెంటనే కలిగే ఇలాంటి హానిని తక్షణ విషప్రభావం అంటారు. కొద్దికొద్దిగా నెలల తరబడి శరీరంలో పేరుకుని మెదడునో మూత్రపిండాలనో దెబ్బతీసే హానిని దీర్ఘకాలిక విషప్రభావం అంటారు. సీసం, కాడ్మియం ప్రధానంగా ఈ రెండో కోవకు చెందిన శత్రువులు గనుక పద్నాలుగు రోజుల పరీక్షలో అవి పట్టుబడకుండా తప్పించుకోగలిగేవి. ఈ లోపాన్ని సరిదిద్దడానికి 1988లో చిత్రకళా సామగ్రి లేబుళ్ల కోసం అమెరికా ప్రత్యేక చట్టం చేసి 1990 నుంచి అమల్లోకి తెచ్చింది. ఏఎస్‌టీఎం డి-4236 అనే ప్రమాణాన్ని తప్పనిసరి చేసింది ఆ చట్టమే.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ‘కన్ఫార్మ్స్ టు ఏఎస్‌టీఎం డి-4236’ అన్న వాక్యం ఉన్నంత మాత్రాన ఆ సరుకు పిల్లలకు సురక్షితమని అర్థం కాదు. సరుకులో కలిపిన పదార్థాల జాబితాను ఒక విషశాస్త్ర నిపుణుడు దీర్ఘకాలిక హాని దృష్టితో పరిశీలించాడని, హెచ్చరిక అవసరమైతే దాన్ని లేబుల్ మీద ముద్రించారని మాత్రమే ఆ వాక్యం చెబుతుంది. కాడ్మియం ఉన్న చిత్రకారుల రంగుగొట్టం మీద కూడా తగిన హెచ్చరికతో పాటు ఇదే వాక్యం చట్టబద్ధంగా కనిపిస్తుంది. కాబట్టి ఆ వాక్యాన్ని చూసి తృప్తిపడకుండా దాని చుట్టుపక్కల ‘వార్నింగ్’, ‘కాషన్’ వంటి మాటలు ఉన్నాయేమో వెతకాలి. ఉంటే ఆ సరుకు నాలుగేళ్ల పిల్లల చేతికి పనికిరాదు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు మరింత సులువైన ఆనవాలు ఒకటి ఉంది. చిత్రకళా సామగ్రి తయారీదారుల సంస్థ అక్కడ రెండు ముద్రలు ఇస్తుంది. ఏపీ అనే అక్షరాలున్న ముద్ర పిల్లలతో సహా ఎవరైనా వాడదగిన సరుకుకు, సీఎల్ అనే అక్షరాలున్న ముద్ర హెచ్చరికతో జాగ్రత్తగా వాడవలసిన సరుకుకు వేస్తారు. రెండూ గుండ్రని ముద్రలే కావడంతో తొందరలో చూసేవారికి ఒకేలా కనిపిస్తాయి.

భారతదేశంలో ఆటవస్తువుల భద్రతకు ఐఎస్ 9873 అనే ప్రమాణమాల ఉంది. 2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్లలోపు పిల్లల కోసం అమ్మే ఆటవస్తువులకు ఈ ప్రమాణాల మేరకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది. అసలైన గుర్తుకు పైన ప్రమాణం సంఖ్య, కింద సీఎం/ఎల్ అనే అక్షరాలతో మొదలయ్యే లైసెన్సు సంఖ్య ఉంటాయి. ఈ రెండూ లేకుండా మధ్యలోని బొమ్మ ఒక్కటే అచ్చువేసిన ప్యాకెట్‌ను గుర్తు లేనిదానికిందే జమ కట్టాలి. లైసెన్సు సంఖ్యను భారతీయ ప్రమాణాల సంస్థవారి ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో నమోదు చేస్తే అది ఏ తయారీదారుకు, ఏ సరుకుకు ఇచ్చినదో తెలుస్తుంది. ఆటమట్టి వంటివి ఆటవస్తువులుగా అమ్ముడవుతాయి గనుక వాటి మీద ఈ గుర్తు కోసం చూడవచ్చు. పుస్తకాల దుకాణంలో స్టేషనరీగా అమ్మే పోస్టర్ రంగుల మీద మాత్రం ఇది చాలాసార్లు కనిపించదు. అలాంటి చోట ఐరోపా ప్రమాణమైన ఈఎన్ 71-3 సంఖ్య ఉందేమో చూడటం తర్వాతి మార్గం.

ఐఎస్ 9873 మూడో భాగం, ఈఎన్ 71-3 రెండింటి వెనుకా ఉన్న ఆలోచన ఒక్కటే. రంగులో సీసం మొత్తం ఎంత ఉందన్నది ఈ పరీక్ష పట్టించుకోదు, పిల్లవాడు మింగితే కడుపులోని ఆమ్లంలో ఎంత కరుగుతుందో కొలుస్తుంది. సరుకు నమూనాను శరీర ఉష్ణోగ్రత అయిన 37 డిగ్రీల వద్ద పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో గంటసేపు కదిలించి, మరో గంట కదపకుండా ఉంచి, ఆ ద్రవంలోకి దిగిన లోహాలను లెక్కిస్తారు. లోహం ఇలా సరుకులోంచి ద్రవంలోకి దిగడాన్ని వలస అంటారు. భారతీయ ప్రమాణం సీసం, పాదరసం, కాడ్మియం, ఆర్సెనిక్, క్రోమియం, బేరియం, యాంటిమొని, సెలీనియం అనే ఎనిమిదింటికి పరిమితులు పెట్టింది. ఆటమట్టిలో సీసం కిలోకు 90 మిల్లీగ్రాములు దాటకూడదు. వేళ్లతో నేరుగా పూసుకునే రంగుల విషయంలో ఆ పరిమితిని 25కు తగ్గించారు.

ఆ 90 అన్న అంకె ఎలా వచ్చిందో తెలిస్తే లేబుల్ ఇచ్చే భరోసా ఎంతవరకో కూడా తెలుస్తుంది. పిల్లవాడు ఆటవస్తువుల నుంచి రోజుకు సగటున 8 మిల్లీగ్రాముల పదార్థం మింగుతాడన్న అంచనా మీద ఈ పరిమితులను కట్టారు. అంటే చిటికెలో పట్టే పొడికంటే కూడా తక్కువ. పరిమితి అంచున ఉన్న మట్టిని 8 మిల్లీగ్రాములు మింగితే శరీరంలోకి వెళ్లే సీసం ఒక మైక్రోగ్రాముకు, అంటే గ్రాములో పదిలక్షల వంతుకు లోపే ఉంటుంది. అదే మట్టిని శనగగింజలంత ముద్దలుగా చేసి గ్రాము మేర తింటే అది 90 మైక్రోగ్రాములకు చేరుతుంది. ప్రమాణాన్ని నెగ్గిన ప్రతి సరుకూ పరిమితి అంచున ఉంటుందని దీని అర్థం కాదు. వేలికంటినది నాకే పిల్లవాడిని దృష్టిలో పెట్టుకుని ఆ పరీక్షను రూపొందించారని, ముద్దలు మింగే పిల్లవాడు దాని లెక్కలోకి రాడని గ్రహిస్తే చాలు. మట్టి, సుద్ద, కాగితం వంటి తినదగని వాటిని పదేపదే తినే అలవాటు పిల్లవాడికి ఉంటే ఎంత మంచి లేబులైనా ఆ పిల్లవాడికి చాలదు. ఆ అలవాటు వెనుక రక్తహీనత ఉందేమో వైద్యుడి చేత పరీక్ష చేయించడం మొదటి పని.

ఇప్పుడు ఒక పెట్టెను చేతిలోకి తీసుకుని చదివే తీరు చూడవచ్చు. పన్నెండు నీటిరంగుల బిళ్లలున్న పెట్టె ముందువైపు ‘నాన్-టాక్సిక్’, ‘వాషబుల్’, ‘3+’ అని ఉన్నాయనుకుందాం. మూడేళ్లు దాటినవారికి అన్న సూచన ప్రధానంగా గొంతులో అడ్డుపడగల చిన్న భాగాలకు సంబంధించినదే గనుక దాని నుంచి రంగులోని రసాయనాల సంగతి తేలదు. వాషబుల్ అన్నది బట్టల మరకల సంగతి. కాబట్టి ముందువైపున్న మూడు మాటల్లో రెండు రంగులోని రసాయనాల భద్రత గురించి ఏమీ చెప్పడం లేదు, మిగిలిన ‘నాన్-టాక్సిక్’ అన్న మాటకు ఆధారం వెనుకవైపు దొరకాలి. పెట్టెను తిప్పి చూసినప్పుడు తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన నెల, సంవత్సరం, వినియోగదారులు ఫిర్యాదు చేయడానికి ఫోన్ నంబరు కనిపించాలి. ప్యాకెట్లలో అమ్మే సరుకులకు తూనికలు కొలతల నిబంధనల ప్రకారం ఇవి తప్పనిసరి. ఈ వివరాలు లేకుండా పరాయి లిపిలో నాలుగు వరుసలు మాత్రమే ఉన్న పెట్టె మీద ఎన్ని ప్రమాణాల పేర్లున్నా నమ్మవలసిన పని లేదు, ఎందుకంటే ఆ పేర్లు అబద్ధమని తేలినా జవాబు చెప్పేవారెవరో తెలియదు. చిరునామా ఉంటే ఆ తర్వాత ప్రమాణం సంఖ్యను వెతకాలి. ‘ఈఎన్ 71’ అని మాత్రమే ఉండి భాగం సంఖ్య లేకపోతే ప్రశ్న మిగిలిపోయినట్టే. మొదటి భాగం పదునైన అంచులు, చిన్న ముక్కల వంటి భౌతిక లక్షణాలది, రెండోది మంట అంటుకునే స్వభావానిది, లోహాల వలసను చూసేది మూడో భాగం. చివరగా చిన్న అక్షరాల హెచ్చరికలు చదవాలి. దుకాణం వెలుతురులో అవి చదవలేనంత చిన్నవిగా ఉంటే ఫోన్ కెమెరాతో ఫొటో తీసి పెద్దది చేసి చూడటం మంచిది.

రంగుల్లో పిల్లల కోసం తయారైనవాటికీ చిత్రకారుల కోసం తయారైనవాటికీ మధ్య గీత గట్టిగా గీసుకోవాలి. చిత్రకారుల గొట్టాల మీద రంగు పేరు పక్కన వర్ణక సంకేతం ఉంటుంది. వర్ణకం అంటే రంగుకు రంగునిచ్చే పొడి. పీవై 35 కాడ్మియం పసుపు, పీఆర్ 108 కాడ్మియం ఎరుపు, పీవై 34 సీసపు క్రోమేటుతో చేసిన క్రోమ్ పసుపు, పీడబ్ల్యూ 1 సీసపు తెలుపు. ఇవి అందంగా మెరిసే రంగులే అయినా ఇంట్లో చిన్నపిల్లలుంటే వీటికి తాళం వేసిన బీరువాయే చోటు. పేరు చివర ‘హ్యూ’ అని ఉంటే, ఉదాహరణకు ‘కాడ్మియం ఎల్లో హ్యూ’ అని ఉంటే, అందులో సాధారణంగా కాడ్మియం ఉండదు, ఆ ఛాయను మరో వర్ణకంతో తెప్పించారని అర్థం. అక్రిలిక్ రంగులు నీళ్లతో కలుస్తాయి గనుక పిల్లలకు సరిపోతాయన్న భ్రమ ఉంది. ఆరాక అవి ప్లాస్టిక్ పొరలా మారతాయి, చర్మం మీద నుంచి గోకి తీయవలసి వస్తుంది. నాలుగేళ్ల పిల్లలకు బిళ్ల నీటిరంగులు, పిల్లల పోస్టర్ రంగులు, వేలిరంగులు చాలు. ప్రమాణానికి లోబడిన వేలిరంగుల్లో చేదు పదార్థం కలుపుతారు, పిల్లవాడు ఒకసారి నాకి ముఖం చిట్లించి మానుకోవాలన్నది ఉద్దేశం. తడి రంగులు బూజుపట్టకుండా కలిపే ఐసోథియాజోలినోన్ వర్గపు నిలవ పదార్థాలు కొందరి చర్మానికి పడవు. రంగులతో ఆడిన మర్నాడు వేళ్ల మధ్య ఎర్రగా కంది దురద పెడుతుంటే ముందు వీటినే అనుమానించాలి.

ఇంట్లో దొరికే సహజ రంగులే మేలన్న వాదన వినడానికి బాగుంటుంది గానీ దాన్ని కళ్లు మూసుకుని ఒప్పుకోలేం. విడిగా అమ్మే పసుపులో మెరుపు కోసం సీసపు క్రోమేటు కలిపిన ఉదంతాలు దక్షిణాసియాలో పరిశోధకుల దృష్టికి వచ్చాయి. పైన పీవై 34 అని చెప్పుకున్న వర్ణకం అదే. కొన్ని సిందూరాల్లో సీసపు సమ్మేళనాలు బయటపడ్డాయి. సంక్రాంతి ముగ్గుల కోసం బజారులో పోగులు పోసి అమ్మే రంగుపొడుల మీద లేబులే ఉండదు, పైగా అవి గాలిలో లేచి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అందువల్ల ఇంట్లో రంగు తయారు చేసుకోవాలనుకుంటే బీట్‌రూట్ రసమో, కొమ్ములు కొని దంచుకున్న పసుపో, ప్యాకెట్ మీద ఆహార భద్రత లైసెన్సు సంఖ్య ఉన్న ఆహార రంగో వాడాలి.

మట్టి విషయంలో మూడు రకాలను విడదీసి చూడాలి. చెరువు మట్టి, కుమ్మరి మట్టి తడిగా ఉన్నంతసేపు సమస్య తక్కువ. ఆరి పొడి అయినప్పుడు అందులోని సిలికా ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది గనుక ఆట ముగిశాక చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవాలి. వినాయక చవితికి పిల్లల చేత విగ్రహం చేయించే ఇళ్లలో ఈ ఒక్క జాగ్రత్త చాలు. పాలిమర్ క్లే అనేది పీవీసీ ప్లాస్టిక్‌కు మెత్తదనం కోసం నూనెవంటి ద్రవాలు కలిపి చేసే ముద్ద. దాన్ని ఓవెన్‌లో కాల్చాలి, వేడి మితిమీరితే ఘాటైన హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వెలువడుతుంది. పేరులో క్లే ఉన్నా అది నాలుగేళ్లవారి సరుకు కాదు. మూడోది పిండితో చేసే ఆటముద్ద. బజారులో దొరికేవాటిలో చాలామట్టుకు గోధుమపిండి ఉంటుంది, గోధుమ పడని పిల్లలున్న ఇళ్లలో పదార్థాల జాబితా చూసే కొనాలి.

ఇంట్లో చేసుకునే పిండిముద్దను అందరూ నిరపాయకరమైనదిగా భావిస్తారు గానీ దాని ప్రమాదం ఉప్పులో ఉంది. చలామణిలో ఉన్న కొలత ప్రకారం రెండు కప్పుల మైదా, ఒక కప్పు ఉప్పు, ఒక కప్పు నీళ్లు. తూకంలో ఇది సుమారు 250 గ్రాముల మైదా, 280 గ్రాముల ఉప్పు, 240 గ్రాముల నీళ్లు అవుతుంది, అంటే ముద్దలో మూడోవంతుకు మించి ఉప్పే. నిమ్మకాయంత ముద్ద 40 గ్రాములనుకుంటే అందులో 14 గ్రాముల పైగా ఉప్పుంటుంది. పెద్దలు రోజు మొత్తం మీద 5 గ్రాముల ఉప్పు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పదహారు కిలోల పిల్లవాడు 14 గ్రాములు ఒక్కసారి తింటే రక్తంలో సోడియం ప్రమాదకరంగా పెరగవచ్చు. విపరీతమైన దాహం, వాంతులు, చిరాకు, మగత దాని లక్షణాలు, ముదిరితే మూర్ఛ వస్తుంది. ఉప్పదనానికి చాలామంది పిల్లలు ఉమ్మేస్తారు, కానీ ఉప్పంటే ఇష్టపడేవారూ ఉంటారు. కాబట్టి రెండు కప్పుల మైదాకు పావు కప్పు ఉప్పు, ముప్పావు కప్పు నీళ్లు, రెండు చెంచాల నూనె చాలు. పచ్చి పిండిలో సూక్ష్మక్రిములు ఉండగలవు గనుక దాన్ని బాణలిలో సన్నని సెగ మీద ముద్దకట్టేదాకా కలపాలి. ఉప్పు తగ్గినందువల్ల ఇది త్వరగా పాడవుతుంది. మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, వాసన మారినా బూజు చుక్క కనిపించినా పారేయాలి.

జిగురుకు పరీక్ష సులువు. నీళ్లతో కడిగితే పోయే తెల్ల జిగురు, లిప్‌స్టిక్‌లా తిప్పి రాసే జిగురు కడ్డీ ఈ వయసుకు తగినవి. మూత తీయగానే ఘాటైన వాసన వచ్చేవి, లేబుల్ మీద మంట బొమ్మ ఉన్నవి ద్రావకంతో చేసినవి. టొలీన్ వంటి ద్రావకాల ఆవిరి తల తిరిగేలా చేస్తుంది. చెప్పులు అతికించే రబ్బరు జిగురు ఈ కోవలోదే. ఇంటి మైదా బంక మంచిదే, కానీ బైండింగ్ దుకాణం నుంచి తెచ్చిన మైదా బంకను పిల్లలకు ఇవ్వరాదు, పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపే ఆనవాయితీ ఉంది. క్షణాల్లో అతుక్కునే సయనోఅక్రిలేట్ జిగురు పిల్లవాడి చేతికి చిక్కి వేళ్లు అంటుకుపోతే లాగకూడదు, గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టి మెల్లగా విడదీయాలి. కనురెప్పలు అంటుకుంటే ఇంట్లో ఏమీ చేయకుండా కంటి వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి.

రంగో జిగురో మింగాడని తెలిసినప్పుడు మన ఇళ్లలో ముందుగా జరిగే పని ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించడం. అది చేయకూడదు. ఆ ఉప్పే కొత్త ప్రమాదం తెస్తుంది, ద్రావకపు జిగురైతే వాంతిలో ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నోరు తుడిచి, పిల్లవాడు మెలకువగా ఉంటే కొద్దిగా మంచినీళ్లు పట్టించి, సరుకు డబ్బాను చేతిలో పెట్టుకుని ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రానికి 1800 116 117 నంబరులో ఫోన్ చేయాలి. మగత, ఆయాసం, ఆగని వాంతులు ఉంటే ఫోన్లతో కాలయాపన చేయకుండా 108కి చెప్పి ఆసుపత్రికి తరలించాలి. మింగినదేమిటో, ఎంతో అక్కడి వైద్యుడు మొదట అడుగుతాడు. కాబట్టి రంగులు కొన్న రోజునే అట్టపెట్టె వెనుకవైపును కత్తిరించి రంగులతో పాటు దాచి ఉంచాలి.